టాలీయా, సీసీసీయా, పీజీడీసీఏనా? కర్నూలు దుకాణాల్లో గుమాస్తా పనికి ఏ కాగితం పనికొస్తుంది

డిగ్రీ చేతికొచ్చిన ఏడాది కర్నూలులో చాలామంది పిల్లలు ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో చేరతారు. ఏది చేస్తే ఉద్యోగం వస్తుందని అడిగితే ప్రతి ఇన్‌స్టిట్యూటూ తన దగ్గరున్నదే చెబుతుంది. నేను ఒక పన్ను సలహాదారు ఆఫీసులో పని చేస్తాను. మా దగ్గర లెక్కలు చూపించుకునే దుకాణాల వాళ్లకు మనిషి అవసరమైతే, వచ్చిన పిల్లలను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పని చూసే బాధ్యత తరచూ నామీదే పడుతుంది. అక్కడ కనిపించినదాన్ని బట్టి ఈ కోర్సులను పోల్చి చెబుతున్నాను. పెద్ద కంపెనీలు, ప్రభుత్వ ఉద్యోగాల లెక్క వేరు. ఇక్కడ మాట్లాడేది అయిదారుగురు, మహా అయితే ఇరవై మంది పనిచేసే చోట్ల గురించి: హార్డ్‌వేర్ దుకాణాలు, మందుల హోల్‌సేల్ వ్యాపారులు, రైస్ మిల్లులు, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, మా వంటి ఆడిటర్ ఆఫీసులు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇలాంటి చోట సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. యజమాని ఆ కాగితాన్ని చదవడు కూడా. అయితే తెలిసినవాళ్లు ఎవరూ లేని పిల్లవాడిని లోపలికి పిలిచి కూర్చోబెట్టడానికి అది కొంత ఉపయోగపడుతుంది. ఆ మేరకు పనికొచ్చేది ప్రధానంగా దుకాణం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ, అదీ జీఎస్టీతో కలిపి నేర్చుకున్న టాలీ. మిగతావాటిలో కొన్ని మరోచోట అక్కరకు వస్తాయి, కొన్ని ఎక్కడా రావు.

యజమాని ఎందుకు చదవడో తెలియాలంటే చిన్న దుకాణంలో మనిషిని ఎలా పెట్టుకుంటారో చూడాలి. ప్రకటన ఇవ్వరు. నెలనెలా రిటర్న్ వేసే ఆడిటర్‌కు ఫోను చేసి, "ఆడిటర్ గారూ, మా లెక్కలు రాసే అబ్బాయి బెంగళూరు వెళ్లిపోతున్నాడు, నమ్మకమైనవాళ్లు ఎవరైనా ఉంటే పంపండి" అంటారు. కాబట్టి మిమ్మల్ని పరీక్షించేది దుకాణదారు కాదు, అతని ఆడిటర్. గుమాస్తా చేసే తప్పు చివరికి వచ్చి పడేది ఆ ఆడిటర్ బల్లమీదే. అందుకే అతను సర్టిఫికెట్ పక్కన పెట్టి రెండు బిల్లులు చేతికిస్తాడు.

ఆ రెండు బిల్లులతో ఏం జరుగుతుందో ఒక సందర్భం చెబుతాను. పైపులు, మోటార్లు అమ్మే ఒక దుకాణానికి మనిషి కావాలన్నారు. బీకాం చదివిన ఒక అమ్మాయి వచ్చింది. టాలీ సర్టిఫికెట్ ఉంది, మంచి మార్కులే. హైదరాబాద్ డీలరు పంపిన కొనుగోలు బిల్లు ఇచ్చి ఎక్కించమన్నాం. సరుకు విలువ 40,000, పన్ను 18 శాతం, అంటే 7,200. మొత్తం 47,200. ఆమె F9 నొక్కి కొనుగోలు వోచర్ తెరిచింది, పార్టీ పేరు లేకపోతే అక్కడికక్కడే Alt+C తో లెడ్జర్ సృష్టించింది. చేతివేగం బాగుంది. నిమిషంలో వోచర్ ముగించింది. మొత్తం 47,200కి సరిపోయింది. కానీ పన్నును ఒకే రాష్ట్రంలో కొన్నట్టు రెండుగా విడగొట్టి కేంద్రానికి సీజీఎస్టీ 3,600, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ 3,600గా రాసింది.

ఇది కర్నూలులో మేం రోజూ చూసే తప్పు. తుంగభద్ర దాటితే తెలంగాణ. 2014 జూన్ 2కు ముందు హైదరాబాద్ నుంచి సరుకు తేవడమంటే ఒకే రాష్ట్రంలో కొనడం. ఇప్పుడది వేరే రాష్ట్రం, కాబట్టి పన్ను మొత్తం ఐజీఎస్టీగా రాయాలి. ఆదోని వాళ్లు బళ్లారి నుంచి తెచ్చినా అంతే. బిల్లుమీద సరఫరాదారు జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: 37 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ, 29 అయితే కర్ణాటక. మన దుకాణం నంబరు 37తో మొదలై, అవతలివాడిది 36తో మొదలైతే ఐజీఎస్టీ. ఈ తప్పులో ఉన్న చిక్కు ఏమిటంటే మొత్తం సొమ్ము ఎక్కడా తేడా రాదు. డీలరు ఖాతా సరిపోతుంది, స్టాకు సరిపోతుంది, బ్యాంకు సరిపోతుంది. నెల ముగిశాక రిటర్న్ వేసేటప్పుడు గానీ బయటపడదు.

ఆ అమ్మాయిని "ఈ నంబరు మొదట్లో ఏముంది?" అని మాత్రం అడిగాం. 36 చూసి ఒక్క క్షణం ఆగింది. వెనక్కి వెళ్లి లెడ్జర్‌లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌గా ఉండిపోయిందని గమనించి దాన్ని తెలంగాణగా మార్చింది. తర్వాత వోచర్‌లో రెండు పన్నులూ తీసి ఐజీఎస్టీ 7,200 పెట్టింది. ఆ దిద్దుబాటే ఆమెకు కలిసొచ్చింది. ఆ వేగం సర్టిఫికెట్ కోర్సులో వచ్చిందే, అందులో అనుమానం లేదు. కానీ కోర్సులో ఆమె ఎక్కించిన బిల్లులన్నీ ఒకే రాష్ట్రానివట.

రెండో పరీక్ష ఎక్సెల్‌లో. దుకాణం కొనుగోళ్ల జాబితా ఒక షీటు, జీఎస్టీ పోర్టల్ నుంచి దింపిన జీఎస్టీఆర్-2బి ఇంకో షీటు. అమ్మినవాళ్లు తమ రిటర్న్‌లో చూపించిన బిల్లులు మన 2బిలో కనిపిస్తాయి. ప్రతి నెలా 14న ఇది తయారవుతుంది. 2022 జనవరి నుంచి ఇందులో కనిపించని బిల్లుమీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం, తీసుకునే వీలు లేదు. అంటే పై బిల్లును హైదరాబాద్ డీలరు తన రిటర్న్‌లో చూపించకపోతే, దుకాణదారు ఆ నెల 7,200 జేబులోంచి కట్టాలి. చిన్న వ్యాపారికి ఎక్సెల్ అవసరం ఎక్కడుందంటే ఇక్కడే. రంగురంగుల చార్టులు అతనికి అక్కర్లేదు.

రెండు షీట్లలోనూ జీఎస్టీ నంబరు A నిలువు వరుసలో, బిల్లు నంబరు C లో ఉన్నాయనుకోండి. రెండింటిలోనూ H లో వాటిని కలిపి ఒక గుర్తు తయారు చేయాలి:

```
=TRIM(A2)&"|"&TRIM(C2)
```

ఒక్క బిల్లు నంబరుతోనే వెతికితే ఇద్దరు వ్యాపారులకూ 187 అనే బిల్లు ఉన్నప్పుడు ఒకరిది మరొకరికి అతుక్కుంటుంది. అందుకే జీఎస్టీ నంబరు కూడా కలపాలి. TRIM అనేది ముందూ వెనకా పడిన ఖాళీలను తీసేస్తుంది. ఇక 2బి షీటులో I వరుసలో సరుకు విలువ ఉందనుకుంటే, కొనుగోళ్ల షీటులో ఇలా రాయాలి:

```
=VLOOKUP(H2,'2B'!H:I,2,0)
```

చివరి సున్నా మరిచిపోతే ఎక్సెల్ దగ్గరగా ఉన్న మరో బిల్లును తెచ్చి పెట్టవచ్చు. పైకి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది, అదే ప్రమాదం. సున్నా పెడితే దొరకనిచోట #N/A అని వస్తుంది.

వచ్చిన పిల్లల్లో సూత్రం రాయగలిగేవాళ్లు బాగానే ఉంటారు. తేడా #N/A వచ్చాక తెలుస్తుంది. చాలామంది "ఇది 2బిలో లేదు సార్" అని ఆగిపోతారు. పని తెలిసినవాళ్లు అదే జీఎస్టీ నంబరుతో, అదే సొమ్ముతో ఇంకేదైనా బిల్లు ఉందేమో వెతుకుతారు. డీలరు HYD/0187 అని చూపించిన బిల్లును మన గుమాస్తా HYD-187 అని ఎక్కించి ఉంటాడు. దొరకని బిల్లుల్లో సగానికి ఇలాంటివే కారణమని నా అంచనా. అవన్నీ తీసేశాక మిగిలినవే నిజంగా అవతలివాళ్లు చూపించనివి. ఆ జాబితా యజమాని చేతిలో పెడితే, వాళ్లకు ఫోను చేసి వచ్చే నెల 11లోగా చూపించమని అడుగుతాడు. ఈ జాబితా తెచ్చే గుమాస్తాను ఏ యజమానీ వదులుకోడు.

ఇప్పుడు ఒక్కొక్క కాగితాన్నీ ఈ రెండు పరీక్షల పక్కన పెట్టి చూద్దాం.

టాలీలో రెండు రకాల సర్టిఫికెట్లు ఉన్నాయి. ఒకటి టాలీ కంపెనీ సొంత విద్యావిభాగం పరీక్ష పెట్టి ఇచ్చేది. రెండోది మన వీధి ఇన్‌స్టిట్యూట్ తన లెటర్‌హెడ్‌మీద ఇచ్చే 'కోర్సు పూర్తిచేశారు' అనే కాగితం. మొదటిదానికి ఖర్చు ఎక్కువ. చిన్న దుకాణంలో మాత్రం రెండింటికీ ఒకటే విలువ, ఎందుకంటే తేడా అడిగేవాళ్లు లేరు. కాబట్టి పైసలు పెట్టాల్సింది ముద్రకు కాదు, నేర్పే తీరుకు. చేరే ముందు ఇన్‌స్టిట్యూట్‌లో రెండు విషయాలు పరీక్షించవచ్చు.

మొదటిది, అక్కడి కంప్యూటర్‌లో టాలీ తెరిచి F2 నొక్కి ఏదైనా నెల 15వ తేదీ ఇవ్వండి. తీసుకోకపోతే అది లైసెన్సు లేని ఎడ్యుకేషనల్ మోడ్. అందులో నెలలో 1, 2, 31 తేదీలకు మాత్రమే వోచర్లు పడతాయి. ఇంట్లో ఉచితంగా సాధన చేసుకోవడానికి అది మంచి సౌకర్యమే, నేనూ పిల్లలకు దాన్నే చెబుతాను. కానీ ఫీజు తీసుకునే చోట కూడా అదే ఉంటే నెల పొడుగునా రోజువారీ లెక్క రాయడం, చెక్కు ఇచ్చిన తేదీకీ బ్యాంకులో పడిన తేదీకీ తేడా చూసి సరిచూడడం ఎవరూ నేర్చుకోలేరు. లెక్కల గుమాస్తా అసలు పని అదే కదా.

రెండోది, సిమెంటుమీద జీఎస్టీ ఎంత వేస్తున్నారని మాస్టారును అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 28 శాతం నుంచి 18కి తగ్గింది. చాలా వస్తువులకు 12, 28 శాతం శ్లాబులు అప్పుడే పోయాయి. ఇంకా పాత నోట్సులోని 28 శాతంతోనే లెక్కలు చేయిస్తుంటే ఆ మాస్టారు ఆ తర్వాత నిజమైన బిల్లు ముట్టుకోలేదని అర్థం. చాలా దుకాణాల్లో ఇప్పటికీ పాత టాలీ ఈఆర్‌పీ 9 నడుస్తోంది, మీరు నేర్చుకునేది టాలీ ప్రైమ్. దానికి కంగారు పడనక్కర్లేదు. F4 నుంచి F9 దాకా వోచర్ల మీటలు రెండింటిలోనూ ఒకటే. మెనూలు వెతుక్కోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అంతే.

కంప్యూటర్ వాడకం మొదటి నుంచి నేర్పే సీసీసీ సంగతి వేరు. దీన్ని ఇచ్చేది కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ కింద ఉన్న నైలిట్. 80 గంటల పాఠ్యక్రమం, 90 నిమిషాల్లో 100 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, 50 మార్కులు వస్తే ఉత్తీర్ణత. ఇంట్లో చదివి నేరుగా పరీక్షకు కట్టుకోవచ్చు, ఫీజు కూడా తక్కువ. మోసం లేదు, ప్రభుత్వ ముద్ర ఉంది. అయితే పరీక్షలో కీబోర్డుమీద చేసి చూపించే భాగం లేదు. పాఠాలూ లిబ్రే ఆఫీస్‌లో ఉంటాయి. దుకాణాల్లో ఉండేది ఎక్సెల్. వాడకం దగ్గరగానే ఉన్నా, సీసీసీలో మంచి గ్రేడు తెచ్చుకున్న పిల్లలు పై VLOOKUP దగ్గర తడబడడం చూశాను. ప్రభుత్వ శాఖల్లో ఒప్పంద ఉద్యోగాలకు, నోటిఫికేషన్లకు దరఖాస్తు చేసే ఉద్దేశం ఉంటే సీసీసీ చేసి పెట్టుకోండి, వృథా కాదు. ఏ నోటిఫికేషన్ ఏ సర్టిఫికెట్ అడుగుతుందో అందులోనే రాస్తారు, అది చదివాకే డబ్బు కట్టండి. చిన్న దుకాణంలో మాత్రం సీసీసీ పేరు చెబితే అదేమిటని ఎదురు ప్రశ్న వేస్తారు.

పీజీడీసీఏ గురించి కాస్త కటువుగానే చెబుతాను. విశ్వవిద్యాలయం ఇచ్చే పీజీడీసీఏ నిజమైన డిప్లొమా. పార్కు రోడ్డులోనో బళ్లారి చౌరస్తాలోనో ఒక గదిలో నడిచే సంస్థ అదే పేరుతో ఇచ్చేది ఆ సంస్థ కాగితం మాత్రమే. పేరులో 'పీజీ' ఉన్నంత మాత్రాన అది పోస్టు గ్రాడ్యుయేట్ చదువు కాదు. పైగా ఏడాదిపాటు వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, కొంచెం సీ లాంగ్వేజ్, కొంచెం ఫొటోషాప్, కొంచెం టాలీ అన్నీ రుచి చూపిస్తారు. గుమాస్తాగా చేరాలనుకునే మనిషికి ఇందులో సగం అక్కర్లేదు, అక్కరున్న సగం చాలదు. ఊరికే ఖాళీగా ఉన్నాడన్న మాట పడకుండా ఏడాది గడపడానికి చాలామంది తల్లిదండ్రులు దీన్లో చేర్పిస్తున్నారని నాకు అనుమానం.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్ పరీక్ష వీటన్నిటికంటే నాణ్యమైనది. ప్రశ్నలకు టిక్కు పెట్టడం కాదు, ఎక్సెల్‌లో పని చేసి చూపించాలి. కానీ ఖర్చు వేలల్లో ఉంటుంది, కర్నూలు దుకాణదారు దాని పేరు విని ఉండడు. బెంగళూరులో బ్యాక్ ఆఫీస్ ఉద్యోగాలకు వెళ్లే ఆలోచన ఉన్న అనంతపురం, కర్నూలు పిల్లలకు దాన్ని చెబుతాను. ఊళ్లో ఉండిపోవాలనుకునేవాళ్లకు చెప్పను.

టైపింగును చాలామంది మరిచిపోతారు. వకీళ్ల ఆఫీసులు, రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరులు, డీటీపీ కేంద్రాలు టాలీ అడగవు, తెలుగు టైపింగు అడుగుతాయి. అక్కడ చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి. ఫోనులో తెలుగు వేగంగా కొట్టగలగడం అక్కడ పనికిరాదు, కీబోర్డు అమరిక వేరు. అనులో కొట్టిన దస్తావేజును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫైలును యూనికోడ్‌కు మార్చి మీసేవకో మరో ఆఫీసుకో పంపగలిగే మనిషికి ఆ వీధిలో గిరాకీ ఉంది. సాంకేతిక విద్యామండలి టైపింగ్ పరీక్ష లోయర్, హయ్యర్ పాసైతే మంచిదే, కానీ వాళ్లూ ఒక పేజీ ఇచ్చి కొట్టించి చూస్తారు.

ఇవేవీ కాని మరో దారి ఉంది, అన్నిటికంటే బలమైనది అదే. ఒక ఆడిటర్ ఆఫీసులో ఆరు నెలలు తక్కువ జీతానికి పనిచేయడం. ఆ ఆరు నెలల్లో పది పదిహేను దుకాణాల లెక్కలు చేతిలోంచి వెళ్తాయి. మందుల దుకాణం బిల్లు వేరు, మిల్లు బిల్లు వేరు, లారీ కిరాయి లెక్క వేరని అక్కడే తెలుస్తుంది. ముందు చెప్పినట్టు దుకాణాల వాళ్లు మనిషి కోసం ఫోను చేసేది ఆ ఆఫీసుకే కాబట్టి మిమ్మల్ని వేరే ఎవరూ సిఫారసు చేయనక్కర్లేదు. దీనికీ ఇబ్బందులున్నాయి. కొన్నిచోట్ల నేర్పకుండా జిరాక్సులు, బ్యాంకు పనులతోనే సరిపెడతారు. రెండు నెలలు గడిచినా మీ చేత ఒక్క దుకాణం కొనుగోళ్లయినా 2బితో సరిచూపించకపోతే ఇక అక్కడ ఉండి లాభం లేదు.

ఊరు వదిలి రోజూ రాలేని గ్రామీణ పిల్లలు, ఫీజు కట్టలేనివాళ్లు బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో అడిగి చూడాలి. శిక్షణ, వసతి, భోజనం ఉచితం. కంప్యూటర్ అకౌంటింగ్ కోర్సు అన్ని నెలల్లోనూ ఉండదు, బ్యాచ్ ఎప్పుడో ముందే కనుక్కోవాలి.

బీకాం అయి, చేతిలో పెద్దగా డబ్బు లేకుండా, కర్నూలులోనే ఉద్యోగం వెతికే పిల్లలకు నేను చెప్పే క్రమం ఇది. రెండు మూడు నెలలు టాలీ, జీఎస్టీ నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్, పైన చెప్పిన రెండు పరీక్షలు పెట్టి చూశాక. ఇంట్లో ఎక్సెల్‌లో VLOOKUP, TRIM, ఫిల్టర్, పివట్ టేబుల్, అంతకుమించి అక్కర్లేదు. ఆ తర్వాత తెలిసిన దుకాణదారును బతిమాలి ఒక నెల పాత బిల్లులు తీసుకుని, ఆ నెల మొత్తం టాలీలో ఎక్కించండి. ఎడ్యుకేషనల్ మోడ్‌లో తేదీలన్నీ 1కి మార్చుకుని అయినా సరే. వేరే రాష్ట్రం బిల్లులు అందులో ఉండేలా చూసుకోండి. ఆ కొనుగోళ్ల జాబితా ప్రింటు తీసి సర్టిఫికెట్ వెనకాల పెట్టి ఆడిటర్ ఆఫీసుకు తీసుకెళ్లండి. మేం కాగితం చూడకపోయినా ప్రింటు చూస్తాం.

వెళ్లేటప్పుడు తేదీ చూసుకోండి. నెలవారీ రిటర్న్‌లకు 11, 20 గడువులు. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు ఆ నెలల్లో 13, 22 ఉంటాయి. ఆ రోజుల్లో ఎవరూ తల ఎత్తి మాట్లాడరు. సెప్టెంబర్ చివర ఆదాయపు పన్ను ఆడిట్ హడావిడి ఉంటుంది, అప్పుడసలే వద్దు. 23 నుంచి నెలాఖరు మధ్య, మధ్యాహ్నం భోజనాల తర్వాత వస్తే కూర్చోబెట్టి రెండు బిల్లులు చేతికిచ్చే తీరిక మాకు ఉంటుంది.